గేటు మీద గిన్నె

పాలు పోసేవాళ్ళకు మనుషుల మొహాలతో పని లేదు, మాట వింటే చాలు. "పది రోజులు పాలు బంద్ పెట్టు, ఊరికి పోతున్నం" అనే ఇళ్ళు మొఘల్‌పురాలో ఏడాదికి ముప్పై తగులుతాయి. అందులో సగం ఇళ్ళు మళ్ళీ పాలు పోయించుకోవు. ముప్పై ఏళ్ళు ఆ గల్లీల్లో పాలు పోసిన బాలనర్సింహ తన కూతురు గీతాంజలికి నేర్పిన మొదటి పాఠం ఇదే.

"తారీఖు చెప్పినోడు వస్తడు బిడ్డా. పదిహేను పొద్దుగాల నుంచి ఎయ్యి అన్నోని వాడుక పాలు ఇంకొకరికి ఇయ్యకుండ ఆపి పెట్టు. మేమే చెప్తంలే అన్నోడు ప్యాకెట్ పాలకు పోయిండు. వాని పాలు ఇంకో ఇంటికి ఎయ్యి."

బాలనర్సింహ మోకాళ్ళు పట్టేశాక క్యాన్లు కూతురి స్కూటీ ఎక్కాయి. అప్పుడామె డిగ్రీ రెండో ఏడు. ఇప్పుడు ఇరవై ఏడేళ్ళు, నలభై ఇళ్ళు. ఈ తొమ్మిదేళ్ళలో తండ్రి చెప్పిన పాఠం ఒక్కసారి కూడా తప్పలేదు. అందుకే ఫిబ్రవరిలో అనురాగ్ ఆ మాట అడిగినప్పుడు ఆమెకు ఏ ఫికరూ పుట్టలేదు.

అనురాగ్ వాసవాంబ కొడుకు. వాళ్ళది పప్పుల టోకు వ్యాపారం, తాతల నాటి ఇల్లు. రోజూ రెండు లీటర్ల పాలు. రెండేళ్ళ కింద ఒక పొద్దున తల్లికి జ్వరమొస్తే గిన్నె పట్టుకుని అతను కిందికి వచ్చాడు. తల్లి జ్వరం మూడు రోజుల్లో తగ్గింది గానీ గిన్నె పట్టుకుని అతనే వస్తూ పోయాడు. పొద్దున ఐదున్నరకు, గేటు దగ్గర, ఐదు నిమిషాలు. ఆదివారాలు మధ్యాహ్నం ఎక్కడో ఒకచోట చాయ్. కులాలు వేరని ఇద్దరికీ మొదటి రోజే తెలుసు. "సీఏ చేతికొచ్చిన రోజు ఇంట్ల నేనే మాట్లాడ్త. అప్పటిదాక నువ్వు నోరు తెరవకు" అని అతనే అన్నాడు. ఆమె తెరవలేదు.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక పొద్దున గిన్నె నిండాక కూడా అతను కదల్లేదు.

"గీతా, ఒక మాట. ఒక గ్రూపు అయింది, రెండోది రెండుసార్లు పోయింది. ఈసారి గిట్ల కొట్టకపోతే మా నాయన నన్ను దుకాణంల కూసోబెడ్తడు. నాకు కొంచెం స్పేస్ కావాలె. ఫోన్లు, కలుసుడు, అన్నీ బంద్."

"ఎప్పటిదాక?"

"మే పద్నాలుగు. ఆఖరి పేపరు."

తారీఖు చెప్పాడు. ఆమెకు అంతే కావాలి. "సరే, చదువుకో. నా ముచ్చట మర్చిపో" అని నవ్వుతూ స్కూటీ తీసింది. పాలమ్మేవాడి కూతురు తప్ప ఇంకెవరైనా అయితే ఇంకో నాలుగు మాటలు అడిగి ఉండేవాళ్ళు. ఈమె వాడుక ఆపి పెట్టింది.

మర్నాటి నుంచి గేటు దిమ్మె మీద గిన్నె కనిపించింది. కడిగి, మూత పెట్టి ఉంది. ఆమె మూత తీసి, రెండు లీటర్లు కొలిచి పోసి, మళ్ళీ మూత పెట్టి వెళ్ళిపోయేది. వెళ్ళేముందు తల ఎత్తి చూసేది. మేడ మీది గదిలో లైటు వెలుగుతూ ఉండేది. ఒక్కరోజు కూడా ఆరలేదు. రాత్రంతా చదివాడో, నాలుగింటికే లేచాడో, ఆ లైటు మాత్రం అబద్ధం కాదు. ఆ లైటు చూసుకుంటూనే ఆమె ఫిబ్రవరి అంతా గడిపింది. అతని చదువు నిజం, కాబట్టి మాటా నిజం అనుకుంది. రెండూ వేరువేరని తట్టలేదు.

ఈలోగా జల్‌పల్లిలో బర్ల షెడ్డున్న ఎల్లప్ప కాక కబురు పెట్టాడు. బాలనర్సింహ బర్లను కట్టేసేది కూడా ఆ షెడ్డులోనే. ఎల్లప్పకు ఇంకో పన్నెండు బర్లున్నాయి, నీళ్ళ బోరుంది, గడ్డికి జాగా ఉంది. వయసు మీద పడి చేతులు పిండడానికి పట్టు ఇవ్వడం లేదు.

"నడిపితే నువ్వే నడపాలె గీతా" అన్నాడు ఎల్లప్ప. "మగపిల్లలను చూసిన, ఒక్కనికి బర్రె మొహం తెల్వది. మార్చి ముప్పై ఒకటి దాక నీకోసం ఆపుత. ఒకటో తారీఖు ఇంకొకడు వస్తనన్నడు, నీ బర్లను గూడ ఇంకో దిక్కు కట్టేసుకోమంటడు."

షెడ్డు తీసుకుంటే తెల్లవారుజామున మూడింటికి పిండడానికి అక్కడే ఉండాలి. సాయంత్రం మళ్ళీ పిండాలి. పెరుగు, పనీర్ తనే చేసి అమ్మాలని ఆమెకు నాలుగేళ్ళుగా ఉంది. దారి ఇన్నాళ్ళకు తెరుచుకుంది. కానీ మొఘల్‌పురా ఇళ్ళకు పాలు పోయడం చిన్నాయన కొడుకు అక్షయ్‌కు అప్పజెప్పాలి. ఆ గేటు దగ్గరికి ఇక రావడం ఉండదు.

"ఆలోచించి చెప్త కాక" అంది.

"బర్రె ఆలోచిస్తదా బిడ్డా? కడుపు చూసుకుంటది, మేస్తది."

ఇంట్లో తల్లి బాలమ్మ ఊరుకోలేదు. "నాలుగేండ్లు షెడ్డు షెడ్డు అని నా పానం తిన్నవ్. ఇయ్యాల వచ్చి కాళ్ళ దగ్గర పడితే ఆలోచిస్తవా? ఏమైందే నీకు?"

ఏమీ కాలేదంది. మే పద్నాలుగు దాకా ఆ గేటు వదలడం ఇష్టం లేదని తల్లికి ఎలా చెబుతుంది? గిన్నె దిమ్మె మీద ఉన్నా, ఆ ఇంటి ముందు రోజూ నిమిషం నిలబడటమే వాడుక అనుకుంటోంది.

కీర్తిప్రియతో మాత్రం చెప్పింది. కీర్తిప్రియ చిన్నప్పటి దోస్తు, ప్రైవేటు దవాఖానలో నర్సు. ఆమె కూడా గవర్నమెంటు స్టాఫ్ నర్సు పరీక్షకు చదువుతోంది. పెళ్ళి కుదిరిన పిల్ల. చదువు మొదలుపెట్టే ముందు ఫోను తెచ్చి గీతాంజలి చేతిలో పెట్టింది.

"నీ దగ్గర ఉంచు. ఆదివారం పొద్దున పది గంటలకు తెచ్చియ్యి. పావుగంట ఆయనతోటి మాట్లాడి మళ్ళ నీకిస్త. నడుమ ఆయన చేస్తే ఎత్తు, బతికే ఉంది అని చెప్పు."

"ఆయన ఊకున్నడా?"

"ఎందుకు ఊకుంటడు? అర్ధగంట అన్నడు. నేను పది నిమిషాలన్న. పావుగంటకు తెగింది. పరీక్ష నాడు బండి మీద దింపుడు ఆయన డ్యూటీ అంట, అది ఆయనే కలిపిండు."

మార్చి రెండో ఆదివారం ఫోను తిరిగిచ్చేటప్పుడు కీర్తిప్రియ అడిగింది. "మరి నీవోడు ఎంతకు తెంపిండే?"

"తెంపేదేముంది? అన్నీ బంద్."

"నువ్వు ఏమీ అడగలే?"

"తారీఖు చెప్పిండు కదా."

కీర్తిప్రియ ఆమె మొహంలోకి ఒకసారి చూసి పుస్తకం తెరిచింది. ఆ చూపు గీతాంజలికి వారం రోజులు నమిలినా నలగలేదు.

అది రంజాన్ నెల. ఉపవాసానికి ముందు తినే సెహ్రీకి లేచిన గల్లీలు తెల్లవారేదాకా మెలకువగానే ఉంటాయి. పాలకు గిరాకీ ఎక్కువ. ఆ హడావిడిలో ఒకరోజు వాసవాంబ ఇంటి ముందు కొలిచే గిలాసను దిమ్మె మీదే మరిచిపోయింది. తర్వాతి గల్లీలో క్యాన్ మూత తీశాక గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

మలుపు దగ్గరే బ్రేకు వేసింది. అనురాగ్ గేటు బయట నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో పాలగిన్నె. రెండో చేయి పక్కింటి ప్రేమ్‌రాజ్ భుజం మీద ఉంది. ప్రేమ్‌రాజ్‌కు లాడ్ బజార్‌లో గాజుల దుకాణం. పండగ గిరాకీకి రాత్రంతా దుకాణంలోనే ఉండి అప్పుడే వచ్చినట్టున్నాడు, చేతిలో షట్టర్ తాళాలు ఆడిస్తున్నాడు.

"నిన్నటి మ్యాచ్ చూసినవా అన్నా? ఆఖరి ఓవర్‌ల గా బ్యాటింగ్ ఏంది!" అనురాగ్ నవ్వుతున్నాడు.

"నేనేడ చూసిన భాయ్, ఆడోళ్ళు గాజుల కోసం కొట్లాడుడు చూసిన. నీకు పరీక్షలంటివి కదా?"

"రోజంతా చదివితే పిచ్చి లేస్తదన్నా. కొంచెం మాట్లాడాలె, లేకుంటే ఎక్కది."

గీతాంజలి మలుపులో స్కూటీ ఆపి నిలబడింది. ఆపిన ఇంజన్ చల్లబడింది. వాళ్ళిద్దరూ మ్యాచ్ అయ్యాక సమోసాల దగ్గరికి, సమోసాల నుంచి ఎవరిదో కారు దగ్గరికి వచ్చారు. పన్నెండు నిమిషాలు. ఆమె లెక్క తప్పలేదు, పాలు విరిగే ఎండ ఎప్పుడొస్తుందో లెక్కేసే మనిషి. తను పాలు పోసిన గిన్నె అతని చేతిలోనే ఉంది. అంటే తను వెళ్ళాక కిందికి దిగుతున్నాడు. ముందు దిగడం లేదు.

ఆ గిలాస కోసం వెళ్ళలేదు. మిగతా ఇళ్ళకు అందాజుగా పోసింది. ఎక్కువే పోసింది.

ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని తండ్రిని అడిగింది. "బాపు, తారీఖు చెప్పి గూడ రానోళ్ళు ఉన్నరా?"

బాలనర్సింహ మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. "ఎవలే? ఎవలు బంద్ పెట్టిండ్రు?"

"ఉన్నరులే ఒకలు. ఊరికి పోతున్నమన్నరు, తారీఖు చెప్పిండ్రు. ఇంట్లనే ఉన్నట్టు కనబడ్తుండ్రు."

బాలనర్సింహ నూనె చేతిని తువ్వాలకు తుడుచుకున్నాడు. "ఇంట్లనే ఉన్నరా? పాలెక్కడియి తాగుతుండ్రు?"

"పక్కింటోళ్ళు పోయించుకునే పాలే."

"మరింకేందే! ఊరికి పోయినోడు పాలు బంద్ పెడ్తడు. ఇంట్ల ఉండి ఇంకోని పాలు తాగేటోడు పాలు బంద్ పెట్టలే, నిన్ను బంద్ పెట్టిండు. మొహమాటానికి తారీఖు ఒకటి పారేసిండు. గట్లాంటోని తారీఖు వస్తే ఇంకో తారీఖు చెప్తడు. నీకు ముందే చెప్పకపోతినా?"

"సగమే చెప్పినవ్ బాపు."

"సగం నువ్వు నేర్చుకోవాలె బిడ్డా. అన్నీ నేనే చెప్పాల్నా?"

ఆ పూట అన్నం మానలేదు ఆమె. ఏడవలేదు కూడా. కానీ ఒకటి అనుకుంది. పాలు వేరు, మనిషి వేరు. మ్యాచ్ ముచ్చట ఏమంత బరువు కాదు, పక్కింటోడు ఎదురొస్తే ఎవడైనా నవ్వుతాడు. తనతో మాట్లాడితే మనసు చెదురుతుందేమో, చదువు పోతుందేమో. భయపడ్డ మనిషి కూడా ఇలాగే చేస్తాడు. చాటు నుంచి చూసి తీర్పు చెప్పడం తన పద్ధతి కాదు. కీర్తిప్రియ, ఆమెకు కాబోయేవాడు బేరం ఆడారు. తను ఆడనే లేదు. అడగకుండానే మొత్తం ఇచ్చేసింది. మొత్తం ఇచ్చేసినవాళ్ళకు ఎదుటివాడికి ఎంత కావాలో ఎలా తెలుస్తుంది?

మార్చి ఇరవై ఆరున, పండగ అయిపోయాక, ఆమె దిమ్మె మీది గిన్నెను చేత పట్టుకుని బెల్లు కొట్టింది. వాసవాంబ ఆ వేళకు పూజగదిలో ఉంటుంది. అనురాగే దిగాడు. గడ్డం పెరిగింది, కళ్ళ కింద నలుపు. చదువుతున్నాడు, అందులో అనుమానం లేదు. ఆమెను చూసి వెనక్కి, ఇంట్లోకి చూశాడు.

"ఏమైంది? బాగనే ఉన్నవా?"

"బాగున్న. రెండు నిమిషాలు. నీ చదువు నేను చెడగొట్ట. ఒక్కటి అడుగుత. ఆదివారం పది నిమిషాలు ఫోను చెయ్యి, చాలు."

"ఆదివారం టెస్ట్ సిరీస్ ఉంటది గీతా. మూడు గంటల పేపరు. అయినాక తప్పులు దిద్దుకునుడే ఇంకో మూడు గంటలు."

"సరే, ఆదివారం వద్దు. నెలకొకసారి. ఏ రోజన్నా సరే, నువ్వే చెప్పు."

"ముందే రోజు ఫిక్స్ చేసుకుంటే అదే టెన్షన్. మైండ్‌ల తిరుగుతనే ఉంటది."

"మంచిది. నెలకొకసారి గూడ వద్దు." ఆమె గొంతు మారలేదు. గాజుల దుకాణంలో బేరమాడినంత మామూలుగా తగ్గిస్తోంది. "రేపటి నుంచి పాలు పోసేటప్పుడు నువ్వే గిన్నె పట్టుకొని రా. మాట్లాడకు. పట్టుకో, తీసుకపో."

అతను కాలితో గేటు గొళ్ళేన్ని కదిపాడు. "అమ్మకు డౌట్ వస్తది."

"రెండేండ్ల సంది రాలే. ఇప్పుడొస్తదా?"

అతను మళ్ళీ ఇంట్లోకి చూశాడు.

"అది గూడ వద్దు. మే పద్నాలుగు సాయంత్రం, పేపరు రాసి బయటకొచ్చినాక, ఒక్క మెసేజ్ పెట్టు. అయిపోయింది అని. ఒక్క మాట."

ఇంతకంటే చిన్నది ఇక లేదు. ప్రపంచంలో ఏ పరీక్షా దాన్ని ఆపదు. అది అయ్యాక పెట్టే మాట కాబట్టి.

అనురాగ్ దిమ్మె వైపు చూశాడు. "ఆఖరి పేపరు అయినంత మాత్రాన అయిపోదు కదా. రిజల్ట్ జులైల. అప్పటిదాక మైండ్ సెట్ కాదు."

"అయితే జులై."

"పాసైతే ఇంటర్వ్యూలు ఉంటయి, జాబు చూసుకోవాలె. పాస్ కాకపోతే మళ్ళ..." అతను ఆగిపోయాడు. తన మాటలు తనకే వినిపించినట్టున్నాయి.

పనిలో మునిగినవాడు బేరమాడతాడు. గంట ఇవ్వలేను, పది నిమిషాలు ఇస్తానంటాడు. ఈ రోజు వద్దు, ఆ రోజు అంటాడు. వెళ్ళిపోయేవాడు బేరమాడడు. ఎంత తగ్గించినా వద్దంటాడు. ఎందుకంటే అతనికి ధర ఎక్కువైందని కాదు, సరుకే వద్దు. గీతాంజలికి అప్పుడు ఇంకొకటి కూడా తెలిసింది. అది ముందే తెలియాల్సింది.

"పాసైతే ఇంట్ల మాట్లాడాలె" అంది. "నీకు ఫెయిలవుతవన్న భయం లేదు అనురాగ్. పాసవుతవన్న భయం. పరీక్ష దగ్గరపడ్డ కొద్దీ నువ్వు దూరం పోతున్నవ్ అనుకున్న. పరీక్ష కాదు దగ్గరపడ్డది, నీ మాట."

అతని మొహం ఎర్రబడింది. "నేను చదువుడు అబద్ధమంటున్నవా? రోజుకు పద్నాలుగు గంటలు..."

"చదువు నిజమే. రోజూ లైటు చూస్తున్న. నిజం కాబట్టే దాని వెనక దాక్కున్నవ్. అబద్ధం వెనక ఇంత మంచిగ దాక్కోనికి రాదు."

"నిన్ను బాధ పెట్టొద్దని గీతా. ఒక్కసారే చెప్తే నువ్వు..."

"నాకు బాధ కావొద్దని కాదు, నువ్వు చెడ్డోనివి కావొద్దని. నేనే విసిగి మానుకుంటే నీ చేతికి మట్టి అంటదు."

లోపల పూజగంట మోగింది. వాసవాంబ గొంతు వినిపించింది. "ఎవలురా? పాలా?"

"ఆఁ పెద్దమ్మా, పాలే" అంది గీతాంజలి. రెండు లీటర్లు కొలిచి, గిన్నె నింపి, అతని చేతికిచ్చింది. ఒక చుక్క కూడా బయట పడలేదు. "చదువుకో. మే పద్నాలుగు నాకు చెప్పాల్సిన పని లేదు. నేనే చెప్తున్న, బంద్."

అతను గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఏదో అంటాడేమోనని ఆమె క్యాన్ మూత బిగించేంతసేపు ఆగింది. అతని మొహంలో బాధ ఉంది, దాని కింద తేలిక కూడా ఉంది. తేలికే ఎక్కువ కనబడింది. అది చూశాక ఆమెకు ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

ఆ మధ్యాహ్నమే జల్‌పల్లి వెళ్ళింది. ఎల్లప్ప బర్రెకు దాణా కలుపుతున్నాడు.

"కాక, ఇంకోనికి కబురు పంపు, రావొద్దని."

"ఆలోచించుడు అయిందా?"

"కడుపు చూసుకున్న."

ఎల్లప్ప ఊరంతా వినపడేలా నవ్వాడు.

మార్చి ముప్పై ఒకటిన ఆమె అక్షయ్‌ని వెంటబెట్టుకుని నలభై ఇళ్ళూ తిరిగింది. ప్రతి గేటు దగ్గరా ఒకటే మాట. "రేపటి నుంచి మా తమ్ముడు వస్తడు. గిదే టైము, గివే పాలు. తక్కువైతే నాకు ఫోను చెయ్యండ్రి."

వాసవాంబ గేటు తీసి బయటికే వచ్చింది. "అయ్యో బిడ్డా, తొమ్మిదేండ్లు పోసినవ్. మళ్ళెప్పుడొస్తవ్?"

"రాను పెద్దమ్మా. షెడ్డు నాదే ఇగ. తీరదు."

"గట్ల రాననకూడదమ్మా. ఎప్పుడన్న వస్త అనాలె, మర్యాద."

"రానోళ్ళు వస్తమనొద్దు పెద్దమ్మా. గిన్నె కడిగి పెట్టుకొని కూసుంటరు ఎదుటోళ్ళు."

వాసవాంబకు అర్థం కాలేదు. మేడ మీద లైటు వెలుగుతోంది. గీతాంజలి తల ఎత్తలేదు.

ఏప్రిల్‌లో పెరుగు మొదలైంది, మేలో పనీర్. కీర్తిప్రియ పరీక్ష రాసి, తన ఫోను తీసుకోవడానికి కాబోయేవాడి బండి మీద జల్‌పల్లి వచ్చింది. పేడలో కాలేసి లొల్లి చేసింది. మే పద్నాలుగున గీతాంజలి ఫోను పొద్దంతా షెడ్డు గూట్లో ఉంది. ఎండు గడ్డి లారీ వాళ్ళవి, హోటల్ వాళ్ళవి ఫోన్లు వచ్చాయి. వేరే మాట ఏదీ రాలేదు. రాదని ఆమెకు తెలుసు. అయినా సాయంత్రం పిండటం అయ్యాక ఒకసారి తీసి చూసింది. తెలిసినా చూసినందుకు తనను తానే తిట్టుకుంది. అదే ఆఖరుసారి.

జులై మొదటి వారంలో అక్షయ్ ఖాళీ క్యాన్లు దింపుతూ చెప్పాడు. "అక్కా, వాసవాంబ పెద్దమ్మోళ్ళకు రేపు ఐదు లీటర్లు ఎక్కువ కావాలంట. కొడుకు సీఏ పాసైండంట, పాలకోవ చేస్తరంట."

గీతాంజలి బర్రె పొదుగు కడుగుతోంది. చేయి ఆగలేదు.

"తారీఖు చెప్పిండ్రా?"

"రేపే. ఆరింటికల్లా ఇంట్ల ఉండాలంట."

"అట్లయితే పక్కా తీసుకుంటరు" అంది. "ఎయ్యి. చిక్కటియి ఎయ్యి, కోవ మంచిగ రావాలె."

చెంబులో మొదటి ధార చప్పుడు గట్టిగా వినిపించింది. చెంబు నిండుతున్నకొద్దీ ఆ చప్పుడు తగ్గుతూ పోయింది. అక్షయ్ రెండో క్యాన్ దింపడానికి వెళ్ళాడు.